కాయిల్ పెడితే దగ్గు, తీసేస్తే దోమలు: మూసి ఉన్న పడకగదికి సమస్య - పరిష్కారం

దోమల మందు కొనేటప్పుడు చాలామంది ఏది బాగా పనిచేస్తుందని అడుగుతారు. అంతకంటే ముందు తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటుంది: రాత్రి ఆ గది కిటికీ తెరిచి ఉంటుందా, మూసి ఉంటుందా? కాయిల్ పొగ అయినా, లిక్విడ్ ఆవిరి అయినా గది గాలిలో కలిసే పనిచేస్తుంది. ఆ గాలినే మనం రాత్రంతా పీలుస్తాం. క్రీమ్ మాత్రం ఒంటి మీదే ఉంటుంది కాబట్టి, కిటికీ మూసినా తెరిచినా దాని విషయంలో పెద్ద తేడా రాదు. ఇళ్లలో ఎదురయ్యే ఇబ్బందుల్లో చాలావాటి మూలం ఇక్కడే దొరుకుతుంది.

సమస్య: కాయిల్ వెలిగించిన రాత్రి దగ్గు, గొంతులో గరగర, పొద్దున్నే కళ్లు ఎర్రబడటం

కారణం తెలియాలంటే ప్యాకెట్టు వెనక అచ్చువేసిన శాతం చూడండి. 12 గ్రాముల కాయిల్‌లో అల్లెత్రిన్ రకం మందు 0.1 శాతం ఉందనుకుంటే, అసలు మందు 12 మిల్లీగ్రాములే. మిగిలినదంతా చెక్కపొడి, కొబ్బరి చిప్పల పొడి లాంటి కాలే సరుకు, దాన్ని అతికించే జిగురు, రంగు. ఎనిమిది గంటల పాటు మన గదిలో కాలేది ప్రధానంగా ఇదే. మంట లేకుండా కణకణలాడుతూ కాలుతుంది కాబట్టి పూర్తిగా మండదు. అందువల్ల ఊపిరితిత్తుల లోపలి దాకా వెళ్లే సన్నని పొగ రేణువులు, కార్బన్ మోనాక్సైడ్, ఫార్మాల్డిహైడ్ విడుదలవుతాయి. చైనా, మలేసియా మార్కెట్లలోని కొన్ని కాయిళ్లను పరీక్షించి 2003లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, ఒక్క కాయిల్ పూర్తిగా కాలితే వెలువడే సన్నని రేణువులు 75 నుంచి 137 సిగరెట్లు కాలినప్పుడు వచ్చేవాటితో సమానం. కాయిల్ రకాన్ని బట్టి ఆ లెక్క మారుతుంది. అయినా చిన్నపిల్లలు నిద్రపోయే గదిలో అంత పొగను నేను ఒప్పుకోలేను.

పొగ రాదని చెప్పి అమ్మే నల్లటి కాయిళ్లతో ఈ సమస్య తీరిపోతుందని అనుకోకండి. వాటిలో కాలేది బొగ్గు పొడి. కంటికి పొగ తక్కువగా కనిపిస్తుంది, ముక్కుకు ఘాటు తెలియదు. కానీ కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా లేవు, బొగ్గు కాలినంతసేపూ అది వస్తూనే ఉంటుంది.

పరిష్కారం: కాయిల్‌ను వరండాకు, బాల్కనీకి, పెరటికి పంపించండి. అరుగు మీద కూర్చునే సాయంత్రం వేళకు అది సరిపోతుంది. కరెంటు లేక లోపల పెట్టక తప్పకపోతే, ఎదురెదురుగా రెండు కిటికీలో, ఒక కిటికీ, తలుపో తెరిచి ఉన్న గదిలోనే పెట్టండి. రేకు స్టాండు మీద, కింద పళ్లెం ఉంచి, మంచానికీ కర్టెన్లకీ దూరంగా ఉంచండి. మంచం కింద పెట్టే అలవాటు ఉంటే ఈ రోజే మానేయండి, దుప్పటి అంచు జారి దాని మీద పడితే నిప్పు అంటుకుంటుంది. ఇంట్లో ఉబ్బసం ఉన్నవారు ఉంటే లోపల కాయిల్ ఊసే వద్దు.

దోమల అగరుబత్తీలు కూడా కాలే సరుకే, పొగే. వాటిలో ఇంకో చిక్కుంది. పెట్టె మీద ‘మూలికలు’ అని రాసి, లోపల నమోదు కాని పురుగుమందు కలిపినవి బజారులో దొరుకుతున్నాయి. 1968 నాటి పురుగుమందుల చట్టం ప్రకారం, దోమల మందుగా అమ్మే పురుగుమందు సరుకు మీద రిజిస్ట్రేషన్ నంబరు, మందు పేరు, దాని శాతం, విషతీవ్రత చెప్పే రంగు గుర్తు ఉండాలి. ఇవేమీ లేని పెట్టెను కొట్లోనే వదిలేయండి.

సమస్య: లిక్విడ్‌కు మారాక దగ్గు తగ్గింది, కానీ లేవగానే తల బరువు, కళ్ల మంట

విజయవాడలో మా బంధువుల ఇంట్లో జరిగింది చెబుతాను. పడకగది వెడల్పు పది అడుగులు, పొడవు పన్నెండు, ఎత్తు పది. స్ప్లిట్ ఏసీ ఉంది, నాలుగేళ్ల పాప ఉంది. కాయిల్ మానేసి లిక్విడ్ పెట్టారు. రాత్రి దగ్గు బాగా తగ్గింది. అయితే పొద్దున్నే పాప కళ్లు నులుముకుంటూ, తుమ్ముతూ లేచేది, తల్లికి తలనొప్పి. మంచానికి రెండడుగుల దూరంలో, తల వైపు ప్లగ్గులో, ఎక్కువ మోతాదు మీద మిషన్ రాత్రంతా నడిచేది. తలుపు, కిటికీలు పూర్తిగా మూసి ఉండేవి.

లెక్క వేద్దాం. 45 మిల్లీలీటర్ల రీఫిల్ మామూలు మోతాదులో 45 రాత్రులు వస్తుందని అట్ట మీద ఉంటే, రాత్రికి ఒక మిల్లీలీటరు, అంటే సుమారు 0.8 గ్రాములు ఖర్చవుతుంది. అందులో ట్రాన్స్‌ఫ్లుత్రిన్ అనే మందు 1.6 శాతం ఉంటే, గాలిలోకి వచ్చే మందు 12, 13 మిల్లీగ్రాములు. అంటే మందు వరకు చూస్తే మన కాయిల్‌కూ దీనికీ పెద్ద తేడా లేదు. తేడా అంతా చెక్కపొడి పొగ లేకపోవడంలో ఉంది. మిగిలిన ద్రవం కిరోసిన్ జాతి ద్రావకం, కొంచెం సువాసన. అవీ వత్తి ద్వారా ఆవిరై గదిలోకే వస్తాయి. ఎక్కువ మోతాదు మీద పెడితే ఇవన్నీ పెరుగుతాయి.

ఇక గాలి సంగతి. స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తేదు. గదిలో ఉన్న గాలినే లాగి, చల్లబరిచి, మళ్లీ గదిలోకే వదులుతుంది. చల్లగా ఉంది కాబట్టి గాలి తాజాగా ఉందనిపిస్తుంది. నిజానికి ఆ 1200 ఘనపుటడుగుల గాలిలోకి తలుపు సందుల నుంచి తప్ప కొత్త గాలి రాదు. రాత్రంతా ఆవిరి వస్తూనే ఉంటుంది, బయటికి పోయే దారి మాత్రం ఉండదు.

ఆ ఇంట్లో ముందు కారణం ఖాయం చేసుకున్నారు. మూడు రాత్రులు మిషన్ తీసేసి, దోమతెర ఒక్కటే కట్టి పడుకున్నారు. కళ్ల మంట, తలనొప్పి పోయాయి. అప్పటికీ పోకపోతే ఏసీ ఫిల్టరు దుమ్మునో, పరుపు దుమ్మునో అనుమానించాల్సి వచ్చేది. మీ ఇంట్లోనూ ఈ పరీక్ష చేసి చూడండి, ఖర్చు లేనిది.

తర్వాత పద్ధతి మార్చారు. దోమలు ఇంట్లోకి ఎక్కువగా దూరేది సంధ్య వేళ. అందుకని సాయంత్రం ఐదున్నరకు తలుపులు మూసి, పిల్లలు హాల్లో ఉండగా, పడకగదిలో మామూలు మోతాదు మీద లిక్విడ్‌ను గంటసేపు నడుపుతారు. ఆపేశాక జాలీ ఉన్న కిటికీ తెరిచి, ఫ్యాను వేసి అరగంట గాలి ఆడనిస్తారు. పడుకునే ముందు ఏసీ వేసి, దోమతెర దించుతారు. రాత్రి మిషన్ నడవదు. పాప తుమ్ములు ఆగిపోయాయి. కిటికీకి జాలీ లేకుంటే ఈ పద్ధతి సగమే పనిచేస్తుంది, ఎందుకంటే గాలి కోసం తెరిచిన దారిలోనే దోమలు వస్తాయి. ఏటా కొనే రీఫిళ్ల డబ్బు ముందు జాలీకి పెట్టమనే నేను చెబుతాను.

దోమతెర కట్టుకునే వీలు లేనివారు రాత్రంతా లిక్విడ్ నడపాలనుకుంటే, తక్కువ మోతాదు మీద, తలకు కనీసం ఐదారు అడుగుల దూరంలో, ఒక కిటికీ కొంచెం తెరిచి ఉంచి నడపండి.

సమస్య: లిక్విడ్ వెలుగుతోంది, దోమలు మాత్రం తగ్గలేదు

ముందు మిషన్ ఎక్కడుందో చూడండి. మంచం వెనకో, బీరువా పక్కనో ఉన్న ప్లగ్గులో పెడితే ఆవిరి అక్కడే చిక్కుకుంటుంది. గాలి లోపలికి వచ్చే కిటికీ వైపు, అడ్డం లేని చోట, సీసా నిలువుగా ఉండేలా పెట్టండి. తర్వాత వత్తి చూడండి. పైభాగం నల్లగా గట్టిపడి ఉంటే ద్రవం పైకి ఎక్కదు, సీసా నిండుగా ఉన్నా లాభం లేదు, రీఫిల్ మార్చాల్సిందే. ఖాళీ సీసాలో కిరోసిన్, కర్పూరం కలిపి పోసే చిట్కా ఒకటి ఫోన్లలో తిరుగుతోంది. దయచేసి చేయకండి. అది వేడి మిషన్ పక్కన మంటలు లేపగల ద్రవం, పైగా కర్పూరం పిల్లల కడుపులోకి పోతే మూర్ఛ వస్తుంది.

కుడుతున్న వేళనూ గమనించండి. డెంగీని తెచ్చే చారల దోమ పగటి పూట, ముఖ్యంగా పొద్దున, సాయంత్రం కుడుతుంది. రాత్రి పెట్టే మందు దాన్ని ఆపదు. ఇవన్నీ సరిగ్గా ఉన్నా దోమలు లెక్కచేయకపోతే, ఆ ప్రాంతపు దోమలు ఈ జాతి మందులకు అలవాటుపడి ఉండవచ్చు. కాయిల్, లిక్విడ్ రెండింటిలోనూ ఉండేది ఒకే జాతి మందులు కాబట్టి, ఒకటి మార్చి ఇంకొకటి పెట్టినా, రెండూ కలిపి పెట్టినా పీల్చే గాలి పాడవడమే మిగులుతుంది. అప్పుడు దోమతెర, ఫ్యాను గాలి, క్రీమ్ వైపు వెళ్లాలి.

సమస్య: క్రీమ్ రాసినా కుట్టాయి, లేదా చర్మం మండింది

క్రీమ్ రాసిన చోటే కాపాడుతుంది. మడమలు, చెవుల వెనక, మెడ వదిలేస్తే దోమ అక్కడే వాలుతుంది. చెమట పడితే, స్నానం చేస్తే ప్రభావం పోతుంది. అట్ట మీద రాసిన గంటల తర్వాత మళ్లీ రాయాలి. బట్టల కింద రాయనక్కరలేదు, గాయాల మీద, కళ్ల దగ్గర రాయకూడదు. పిల్లలకు అరచేతుల మీద వద్దు, అవి నోట్లోకి, కళ్లలోకి వెళ్తాయి. పెద్దవాళ్లే తమ చేతిలో తీసుకుని రాయాలి. మొదటిసారి ముంజేతి మీద కొంచెం రాసి మరుసటి రోజు దాకా చూడండి. మండితే సబ్బుతో కడిగేసి, వేరే మందు ఉన్న క్రీమ్ ఎంచుకోండి. పొద్దున లేవగానే కడిగేయడం కూడా ముఖ్యం. రెండు నెలలు నిండని పసివాళ్లకు ఏ క్రీమూ వద్దు, ఉయ్యాలకు దోమతెర చాలు.

సమస్య: అక్వేరియంలో చేపలు చనిపోవడం, పిల్లి వణకడం

కాయిల్, లిక్విడ్‌లలో ఉండే మందులు చేపలకు తీవ్ర విషం. అక్వేరియం గాలి పంపు గదిలోని గాలినే లాగి నీళ్లలోకి పంపుతుంది, దానితో పాటు ఆవిరినీ. చేపలున్న గదిలో కాయిల్, లిక్విడ్ రెండూ వద్దు. పిల్లుల శరీరం ఈ మందులను సరిగ్గా విరగ్గొట్టలేదు, కాబట్టి వాటిని మందు నడిచే గదిలో పెట్టి తలుపు మూయకండి. వణుకు కనిపిస్తే బయటి గాలిలోకి తెచ్చి, పశువైద్యుడి దగ్గరకు తీసుకెళ్లండి.

సమస్య: పిల్లవాడు రీఫిల్ ద్రవం తాగేశాడు

వాంతి చేయించకండి. అందులోని కిరోసిన్ జాతి ద్రావకం వాంతితో పాటు ఊపిరితిత్తుల్లోకి దిగితే, మింగినప్పటి కంటే ఎక్కువ హాని చేస్తుంది. పాలు, ఉప్పునీళ్లు పట్టించకండి. నోరు తుడిచి, ద్రవం పడిన బట్టలు మార్చి, 108కి ఫోను చేయండి. సీసాను వెంట తీసుకెళ్లండి, డాక్టరుకు మందు పేరు, శాతం దాని మీదే దొరుకుతాయి. దగ్గు, ఆయాసం వెంటనే కనిపించకపోయినా ఆసుపత్రికి వెళ్లవలసిందే, అవి కొన్ని గంటల తర్వాత మొదలుకావచ్చు.