ఉద్యోగంలో రాతలు – 5వ పాఠం: టీమ్ లీడ్ వెళ్ళిపోతూ రాసే నాలుగు మాటలు

పోయిన పాఠంలో ఒక చిన్న పని ఇచ్చాను. మీతో పనిచేసేవాళ్ళలో ఒకరు ఒక రోజు చేసిన ఒక్క పనిని, చూసింది చూసినట్టు పది వాక్యాల్లో రాయమన్నాను. ఆ కాగితం దగ్గర పెట్టుకోండి, ఈ పాఠానికి అదే ముడిసరుకు.

నా స్నేహితుడు ఒకతను చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు తీసే ఫ్యాక్టరీ ల్యాబులో ఆరేళ్ళు టీమ్ లీడ్‌గా చేశాడు. తోతాపురి సీజన్ ముగిశాక, ఆగస్టు చివర్లో, శ్రీసిటీలో వేరే ఉద్యోగానికి మారాడు. టీమ్‌లో తొమ్మిది మంది. వాట్సాప్ గ్రూపులో పెట్టడానికి రాసుకున్నది నాకు చదివి వినిపించాడు:

"ప్రియమైన టీమ్‌కు, బరువెక్కిన హృదయంతో ఈ సందేశం రాస్తున్నాను. ఈ అద్భుతమైన ప్రయాణంలో మీ సహకారం మరువలేనిది. మీ అందరి నుంచి ఎంతో నేర్చుకున్నాను. తెలిసో తెలియకో ఎవరినైనా నొప్పించి ఉంటే క్షమించండి. మనం ఎప్పటికీ ఒక కుటుంబమే. ఏ అవసరం వచ్చినా, ఎప్పుడైనా ఒక్క ఫోన్ చేయండి."

ఇందులో అబద్ధం లేదు. చదువుతుంటే అతని గొంతు నిజంగానే బొంగురుపోయింది. అయినా వింటే బట్టీ పట్టినట్టే ఉంది. ఎందుకో తెలియాలంటే ఒక పరీక్ష పెట్టండి. ఈ సందేశాన్ని ఉన్నదున్నట్టుగా పక్క ఊరి పాల డెయిరీ లీడ్ తన టీమ్‌కు పంపితే ఎక్కడైనా అక్షరం మార్చాల్సి వస్తుందా? రాదు. ఏ టీమ్‌కైనా సరిపోయే మాట వినగానే, ఇది తమ కోసం రాసింది కాదని ఆ తొమ్మిది మందికీ తెలిసిపోతుంది.

లోపం అతని మనసులో లేదు. మనసులో మిగిలినదాన్ని రాశాడు, అది ఎందుకు మిగిలిందో రాయలేదు. అందుకే అడిగాను: "ఎంతో నేర్చుకున్నానన్నావే, ఎవరి దగ్గర ఏం నేర్చుకున్నావప్పా?"

కాసేపు ఆలోచించి ఒక రాత్రి సంగతి చెప్పాడు. జూన్ నెల, గేటు బయట ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయి. గుజ్జులో తీపి ఎంతుందో కొలిచే రిఫ్రాక్టోమీటర్ 15 బ్రిక్స్ చూపిస్తోంది. 14 దాటితే నింపేయవచ్చు. నైట్ షిఫ్టులో ఉన్న కొత్త అమ్మాయి గుజ్జు నాలుక మీద వేసుకుని చూసింది. అంత తీపి లేదనిపించింది. పరికరం అద్దం తుడిచి, డిస్టిల్డ్ వాటర్ చుక్క వేసి చూస్తే సున్నా రావాల్సిన చోట సున్నా లేదు. సరిచేసి మళ్ళీ కొలిస్తే 13.4 వచ్చింది. వెంటనే ఫిల్లింగ్ ఆపించి, రాత్రి రెండు గంటలకు ఇతనికి ఫోన్ చేసింది. "లైన్ ఆపడానికి నువ్వెవరు?" అని ఇతను అందరికీ వినబడేలా స్పీకర్‌లోనే కోప్పడ్డాడు. పొద్దున వచ్చి తనే కొలిచి చూసుకుంటే ఆమె మాటే నిజం.

"అప్పటినుంచి ప్రతి షిఫ్టు మొదట్లో సున్నా చూసుకోవడం రూల్ చేశాను" అన్నాడు.

నాలుగు వారాలుగా మనం వెతుకుతున్నది ఇదే. ఆ చెప్పడంలో మూడు ఉన్నాయి: ఒక సందర్భం, అందులో ఆమె చేసిన పని, దాని వల్ల ఇతనిలో వచ్చిన మార్పు. మూడోది చాలామంది వదిలేస్తారు. "ఆమె ఎంతో నిజాయితీగా పనిచేసింది" అంటే అది లీడ్ ఇచ్చే మార్కు, పైనుంచి కిందికి వచ్చే మాట. "ఆమె వల్ల నేను ఇలా మారాను" అంటే వెళ్ళే మనిషి తన మీద పెట్టుకుని చెప్పిన మాట. కృతజ్ఞత అక్కడే కనబడుతుంది.

ఇక్కడ ఒక చిక్కుంది, చాలా సందేశాలు దీని దగ్గరే చెడతాయి. ఒకరి పేరు రాయగానే మిగతా ఎనిమిది మంది తమ పేరు వెతుక్కుంటారు. నలుగురి పేర్లు రాసి "ఇంకా అందరికీ" అంటే అస్సలు రాయకపోవడం కన్నా నొప్పి. తొమ్మిది మందే అయితే ఒక్కొక్కరికి ఒక్కో వాక్యం రాయవచ్చు. ముప్పై మంది ఉంటే గ్రూపులో అందరూ కలిసి చేసిన ఒక పని గురించి రాసి, మనిషి మనిషికీ చెప్పాల్సింది విడిగా పంపాలి. ఒకరి తప్పు బయటపడే సంగతి, ఎంత ప్రేమతో చెప్పినా, గ్రూపులో వద్దు. మీ తప్పు అయితే పర్వాలేదు.

ఇక క్షమాపణ. "తెలిసో తెలియకో" అనడం మన ఆచారం, దాన్ని తప్పుపట్టను. కానీ తెలిసిన తప్పు ఉన్నప్పుడు ఆ మాట దాని మీద దుప్పటి కప్పుతుంది. ఆ అమ్మాయిని అందరి ముందు కోప్పడ్డాడు, కాబట్టి క్షమాపణ కూడా అందరి ముందే చెప్పాలి. కాకపోతే ముందు ఆమెను కలిసి, గ్రూపులో రాయడం ఇష్టమేనా అని అడగమన్నాను. అడిగాడు. ఆమె సరేనంది.

చివరిది మాట ఇవ్వడం. "ఎప్పుడైనా ఫోన్ చేయండి" అనేది ఎవరూ నమ్మరు, చేయరు కూడా. గడువు, వేళ, విషయం చెబితే చేస్తారు. వెళ్ళడానికి కారణం, మేనేజ్‌మెంట్ మీద ఉన్న బాధ ఇందులో రాయక్కర్లేదు. అది దాచడం కిందికి రాదు, అది చెప్పుకోవాల్సిన చోటు వేరే. ఉన్న బాధను కప్పడానికి లేని పొగడ్త మాత్రం రాయకూడదు.

మూడోసారి రాసింది ఇది. పేర్లు తీసేశాను, మిగతావాళ్ళకు రాసిన వాక్యాల్లో రెండే ఉంచాను:

"శనివారం నా ఆఖరి రోజు. సోమవారం నుంచి శ్రీసిటీలో చేరుతున్నాను. జూన్‌లో ఆ రాత్రి లైన్ ఆపిన అమ్మాయిని అందరూ వింటుండగా కోప్పడ్డాను. తప్పు నాదే, అందరి ముందే క్షమాపణ చెబుతున్నాను. ఇప్పుడు ఏ రీడింగ్ చూసినా ముందు సున్నా చూసుకుంటున్నానంటే ఆమె వల్లే. అన్నా, శాంపిల్ సీసాల మీద తేదీ కొట్టొచ్చినట్టు రాసేవాడివి, ఆడిట్ రోజు నాకు టెన్షన్ లేదంటే అది నీ చేతిరాతే. అక్కా, మా నాన్న ఆసుపత్రిలో ఉన్న పది రోజులు నా రిపోర్టులు నువ్వే పూర్తిచేసి, ఎవరికీ చెప్పలేదు. రిజిస్టర్లు, కెమికల్స్ బీరువా తాళం కొత్త లీడ్‌కు ఇచ్చాను. సెప్టెంబరు నెలాఖరు దాకా రాత్రి 8 తర్వాత పాత రికార్డుల గురించి ఏం అడగాలన్నా ఫోన్ చేయండి."

'హృదయం' పోయింది, 'ప్రయాణం' పోయింది. పోయిన చోట బాధ తగ్గలేదు చూడండి. ఇంట్లో ఎవరికైనా గట్టిగా చదివి వినిపిస్తే ఇంకో విషయం తెలుస్తుంది: మామూలుగా మాట్లాడేటప్పుడు మీ నోట రాని పదం దగ్గర గొంతు మారుతుంది. ఆ పదం కొట్టేయండి. అతను "మరువలేనిది" దగ్గర రెండుసార్లు ఆగాడు.

పంపాక వచ్చే జవాబులు కూడా చూడండి. అన్నీ చేతులు జోడించిన బొమ్మలు, "ఆల్ ది బెస్ట్ సార్" అయితే సందేశం లాంఛనంగా అందిందనుకోవచ్చు. ఇతనికి తేదీలు రాసే అన్న నుంచి ఇలా వచ్చింది: "ఆ పెన్ను మీరు కొనిచ్చిందే సార్, ఇంకా వాడుతున్నాను."

ఈ వారం పని: మీ కాగితంలోని పది వాక్యాల కింద, ఆ రోజు తర్వాత మీరు మార్చుకున్న పద్ధతి ఒక్క వాక్యంలో రాయండి. ఏమీ తోచకపోతే ఆ సందర్భం వదిలేసి ఇంకొకటి పట్టుకోండి. వచ్చే పాఠంలో ఇలాంటి సందేశానికి టీమ్ తరఫున జవాబు రాయడం చూద్దాం.