ఫోన్ పెట్టేశాక వెలిగే సిగరెట్

ఊరుగాని ఊళ్లో నాతో గది పంచుకునే అన్న రోజుకు 12 సిగరెట్లు కాల్చేవాడు. మానేస్తానన్నాక, ఏది ఎప్పుడు వెలిగిస్తున్నాడో వారం పాటు కాగితం మీద రాయించాను. మొండివి రెండే అని తేలింది: లేవగానే కాల్చేది, రాత్రి ఇంటికి ఫోన్ చేశాక కాల్చేది.

మొదటిది ఒంటి గోల. రాత్రంతా నికోటిన్ తగ్గిపోయి, తెల్లారేసరికి శరీరం అడుగుతుంది. లేచిన అరగంటలోపే కాల్చేవాళ్లకు 4 మిల్లీగ్రాముల నికోటిన్ గమ్ కావాలి, 2 సాధారణంగా చాలదు. (గుండె జబ్బుంటే ముందు డాక్టర్ని అడగాలి.) మామూలు చూయింగ్ గమ్‌లా గబగబా నమిలేసరికి ఎక్కిళ్లు, వికారం వచ్చి దాన్ని పారేయబోయాడు. నోట్లో చురుక్కుమనేదాకా మెల్లగా నమిలి, చిగురుకూ బుగ్గకూ మధ్య ఆపాలి. చురుకు తగ్గాక మళ్లీ నమలాలి. ఒక్కోటి సుమారు అరగంట వస్తుంది. దానికి ముందు 15 నిమిషాలు కాఫీ, పండ్లరసం తాగితే నికోటిన్ నోట్లోంచి సరిగా ఎక్కదు.

రెండోదానికి గమ్ ఒక్కటే చాలలేదు. పాప గొంతు ఆగిపోగానే వచ్చే వెలితి అది. అందుకే ఫోన్‌ను మెట్ల మీద నుంచి వంటగదిలోకి మార్చాం: కూర తరుగుతూ మాట్లాడతాడు, పెట్టేసేసరికి చేతిలో పని ఉంటుంది. కోరిక చాలాసార్లు కొన్ని నిమిషాల్లో దిగిపోతుంది, అప్పటికి పొయ్యి మీద కూర ఉడుకుతుంటుంది.

మూడో రోజు మాత్రం ఉప్పు ఎక్కువైందని నా మీద అరిచాడు. మొదటి వారంలో ఆ చిరాకు మామూలే.