ఇంట్లో కుక్కపిల్లకి పార్వో వచ్చి తగ్గాక ఇల్లు ఎలా శుభ్రం చేయాలి?

విజయనగరంలో సిమెంటు వసారా, వెనక మట్టి పెరడు ఉన్న ఇల్లనుకోండి. రెండు నెలల కుక్కపిల్ల వాంతులు చేసుకుని, దుర్వాసనతో రక్త విరేచనాలు పెట్టింది. పరీక్షలో పార్వో అనే వైరస్ జబ్బని తేలింది. పశువుల ఆసుపత్రిలో సెలైన్, వాంతులు ఆగే ఇంజెక్షన్లు, యాంటీబయాటిక్స్ ఇస్తారు. వైరస్‌ను నేరుగా చంపే మందు మామూలుగా ఉండదు. ఒంట్లో నీరు తగ్గకుండా చూస్తూ, పిల్ల తనంతట తాను కోలుకునేదాకా నిలబెట్టడమే చికిత్స. అందుకే వాంతులు మొదలైన రోజే తీసుకెళ్లాలి. ఇంట్లో నోటి ద్వారా ఓఆర్‌ఎస్ పోస్తూ కూర్చుంటే అదీ వాంతైపోతుంది.

వైరస్ మలంలో లెక్కలేనంతగా బయటికొస్తుంది. లక్షణాలు కనబడకముందే మొదలై, తగ్గాక కూడా రెండు వారాల దాకా రావచ్చు. చెప్పులు, గిన్నెలు, చేతులు దాన్ని మోస్తాయి. కుక్కలు ఎక్కువగా ఉన్నచోట ఆరోగ్యంగా ఉన్నవాటి పని ముందు, జబ్బు పిల్ల పని చివర చేయండి. దానికి వేరే చెప్పులు వాడండి.

ఇక శుభ్రం సంగతి. మనవాళ్లు ముందు ఫినాయిల్ పోస్తారు. వాసన పోతుంది, వైరస్ పోదు. డెట్టాల్, శానిటైజర్లను కూడా నమ్మకండి. క్లోరిన్ కావాలి.

1. మలం, వాంతి ఎత్తేసి, సబ్బునీళ్లతో రుద్ది కడగండి. మురికి మీద బ్లీచింగ్ పోస్తే దాని బలం మురికికే సరిపోతుంది.

2. పది లీటర్ల బకెట్ నీళ్లలో 80 గ్రాముల తాజా బ్లీచింగ్ పౌడర్ కలిపి, తేరుకున్నాక పైనున్న తేటనీళ్లు వాడండి. మూతలేని సంచిలో నెలల తరబడి ఉండి, ఘాటు వాసన పోయిన పౌడర్ దండగ.

3. నేల పది నిమిషాలైనా తడిగానే ఉండాలి. వసారా త్వరగా ఆరిపోతుంటే మళ్లీ పోయండి. తర్వాత నీళ్లతో కడిగేయండి. తలుపులు తీసి ఉంచండి. బ్లీచింగ్ నీళ్లను టాయిలెట్ క్లీనర్ యాసిడ్‌తో కలిపారో, ప్రమాదకరమైన గ్యాస్ వస్తుంది.

4. గిన్నెలు ఆ బ్లీచింగ్ నీళ్లలోనే నానబెట్టి కడగండి. గోనెసంచి, పాత పరుపు మాత్రం పారేయండి.

మట్టి పెరడు దగ్గర మాత్రం చేతులెత్తేయాల్సిందే. మట్టిలో బ్లీచింగ్ పనిచేయదు. పైమట్టి కొంత ఎత్తేయడం, ఎండ తగిలేలా కొమ్మలు కొట్టడం మేలు చేస్తాయి. అయినా నీడలో వైరస్ నెలల తరబడి బతుకుతుంది, ఏడాది దాటినా దాటొచ్చు. కాబట్టి కొత్త పిల్లను తేవాలంటే నేలకన్నా టీకాను నమ్ముకోవాలి. ఆరు నుంచి ఎనిమిది వారాలకు మొదలుపెట్టి, రెండు నుంచి నాలుగు వారాలకొకసారి, కనీసం పదహారు వారాల వయసు దాకా డోసులు వేయించాలి. తల్లిపాల ద్వారా వచ్చిన రక్షణ మధ్యలో టీకాను పనిచేయనివ్వదు. అందుకే మొదటి డోసు పడింది కదా అని ఆ పెరట్లో వదలకండి. చివరి డోసు పడి రెండు వారాలయ్యాక వదలండి.