సర్ఫ్యాక్టెంట్ ఇచ్చాక పాప ఊపిరి ఆపేస్తే: ముందు చూడాల్సింది VTe

సమస్య

నెలలు నిండని పాప. ట్యూబ్ వేసి వెంటిలేటర్ పెట్టాం, ఊపిరితిత్తులను మెత్తబరిచే మందు సర్ఫ్యాక్టెంట్ ఇచ్చాం. ఆక్సిజన్ అవసరం తగ్గింది, సాచురేషన్ బాగుంది. కానీ అప్పటిదాకా సొంతంగా ఊపిరి తీస్తున్న పాప ఆపేసింది. తెర మీద రేటు మనం పెట్టిన అంకె దగ్గరే నిలిచిపోయింది. పాప ప్రయత్నించినప్పుడల్లా మినుక్కుమనే ట్రిగ్గర్ గుర్తు కనబడటం లేదు.

హైదరాబాద్‌లో మా యూనిట్‌లో ఒక తెల్లవారుజామున ఇదే జరిగింది. 30 వారాలకు పుట్టిన పాప, బరువు 1200 గ్రాములు. 5 గంటలకు సర్ఫ్యాక్టెంట్ ఇచ్చారు. ఆరు కాకముందే రేటు 58 నుంచి మేం పెట్టిన 40కి పడిపోయింది. అద్దం అవతల నుంచి చూస్తున్న అమ్మమ్మ, "ఇందాక మంచిగనే మెదిలింది గద బిడ్డా, ఇప్పుడేంది గిట్ల పడున్నది?" అని అడిగింది. మాకంటే ముందు పట్టుకున్నది ఆమే.

నెలలు నిండని పిల్లలకు ఊపిరి ఆగడం మామూలే అనుకుని, ఊపిరి తీయించే మందు కెఫీన్ డోసు పెంచాలా అన్న చర్చ మొదలైంది. అప్పుడు నేను VTe చూశాను. పాప ఒక్కో శ్వాసకు వదులుతున్న గాలి 9.6 మి.లీ., అంటే కిలోకి 8 మి.లీ. ఈ పిల్లలకు కిలోకి 4 నుంచి 6 మి.లీ. చాలు.

కారణం

శ్వాసనాళాల గోడల్లోని నునుపు కండరంలో సాగుదలను కనిపెట్టే గ్రాహకాలు ఉంటాయి. ఊపిరితిత్తి ఎంత సాగితే అవి అంత వేగంగా సంకేతాలు పంపుతాయి. వేగస్ నరం వాటిని మెదడు కాండానికి చేరవేస్తుంది. అక్కడ లోపలికి పీల్చే ఆజ్ఞ ఆగుతుంది, బయటికి వదిలే సమయం సాగుతుంది. హెరింగ్, బ్రాయర్ 1868లో దీన్ని వివరించారు. జంతువుల్లో రెండు వైపులా వేగస్ నరాలు కోసేస్తే ఈ అడ్డు పోయి శ్వాస నిదానంగా, లోతుగా మారుతుంది.

మామూలు శ్వాసలో అర లీటరు పీల్చే పెద్దవాళ్లకు ఈ ప్రతిచర్య పెద్దగా పనిలోకి రాదు. శ్వాస లీటరు దాటాకే దాని ప్రభావం తెలుస్తుంది. పసిపిల్లల్లో అలా కాదు, మామూలు శ్వాసలోనే పనిచేస్తూ ఉంటుంది.

మా పాప విషయంలో మిషన్ ఊదేటప్పటి పై ఒత్తిడి PIP 20, గాలి వదిలాక మిగిలే ఒత్తిడి PEEP 5, ఊదే సమయం Ti 0.5 సెకన్లు. సర్ఫ్యాక్టెంట్‌కు ముందు ఊపిరితిత్తులు బిర్రుగా ఉండేవి కాబట్టి ఈ ఒత్తిడికి 5.2 మి.లీ. గాలే వెళ్లేది. మందు పడ్డాక అవి మెత్తబడ్డాయి. మీట ఎవరూ ముట్టుకోలేదు, గాలి మాత్రం దాదాపు రెట్టింపైంది. మిషన్ ఊదిన ప్రతిసారీ గ్రాహకాలు "నిండింది, చాలు" అంటున్నాయి. పాపకు తనంతట తాను పీల్చే వీలు లేకుండా పోయింది.

పరిష్కారం

డాక్టరుతో మాట్లాడి, ఆయన పక్కనుండగా PIPని 20 నుంచి ఒక్కో అంకె చొప్పున 15కి దించాం. Ti 0.35 చేశాం. VTe 6.4కి వచ్చింది. నా కళ్లు ట్రిగ్గర్ గుర్తు మీదే ఉన్నాయి. నాలుగో శ్వాసకు మినుక్కుమంది. పక్కటెముకల కింద చర్మం చిన్నగా లోపలికి కదిలింది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఎక్కువ గాలి ఆడితే కార్బన్ డయాక్సైడ్ కూడా తగ్గుతుంది, అది తగ్గినా పాప ఊపిరి తీయదు. మా పాప రక్తంలో దాని కొలత, pCO2, 31 ఉంది. మరి ఏది ఎంత? సమయాన్ని బట్టి తేల్చుకోవచ్చు. సాగుదల తగ్గితే ఆ అడ్డు కొన్ని శ్వాసల్లోనే తొలగుతుంది. కార్బన్ డయాక్సైడ్ పెరగడానికి నిమిషాలు పడుతుంది. మా పాప వెంటనే మొదలుపెట్టింది, కానీ అక్కడొకటి ఇక్కడొకటిగా. రేటు 50 దాటడానికి ఇరవై నిమిషాలు పట్టింది. అంటే రెండూ ఉన్నాయి. గంట తర్వాత pCO2 42.

VTe సరైన పరిధిలోకి వచ్చి, pCO2 కూడా సర్దుకున్నాక పాప ఇంకా మెదలకపోతే ఈ ప్రతిచర్యను పట్టుకుని కూర్చోవద్దు. నిద్రమత్తు మందులు, ఇన్ఫెక్షన్, షుగర్ పడిపోవడం, తలలో రక్తస్రావం వెంటనే చూడాలి. డాక్టరు రాసిన కెఫీన్ ఈ గొడవలో ఆపకూడదు.

VTe తక్కువగా కనబడినా ఒకసారి లీక్ అంకె చూడండి. పసిపిల్లల ట్యూబుకు కఫ్ ఉండదు. వదిలిన గాలిలో కొంత ట్యూబు పక్కనుంచి పోతే, అసలు వెళ్లిన దానికంటే తక్కువ చూపిస్తుంది. అప్పుడు ఛాతీ ఎంత లేస్తోందో కంటితో చూడాలి. ఎక్స్‌రేలో డయాఫ్రం చదునుగా కిందికి దిగి ఉంటే ఊపిరితిత్తులు ఉబ్బినట్టే.

ఇప్పుడు సర్ఫ్యాక్టెంట్ సిరంజి చేతికి తీసుకునే ముందే VTe పై హద్దు అలారం పెడుతున్నాం. 1200 గ్రాముల పాపకు 7.2. మందు పడ్డాక మొదటి గంట ఒకరు తెర దగ్గరే ఉంటున్నారు.