రెజ్యూమేనా, సీవీనా? విదేశాలకు పంపే ముందు జాగ్రత్తలు

ముందు ఉద్యోగం ఏ దేశంలోదో చూడండి. అమెరికాలో సీవీ అంటే పరిశోధన పత్రాలు, బోధన అనుభవం అన్నీ చేర్చిన పొడవైన విద్యా చరిత్ర. కంపెనీ ఉద్యోగానికి కొత్త పట్టభద్రులు పంపవలసింది ఒక పేజీ రెజ్యూమే. బ్రిటన్‌లో దాదాపు అలాంటి పత్రాన్నే సీవీ అంటారు, రెండు పేజీల వరకు ఫరవాలేదు. ‘సీవీ’ అన్న మాట చూసి నాలుగు పేజీలు నింపకండి.

ఈ రెండు దేశాలకూ ఫొటో, పుట్టినతేదీ, తండ్రి పేరు, పెళ్లి వివరాలు తీసేయండి. మన కాలేజీ నమూనాల చివర కనిపించే ‘పై వివరాలు నిజమని ధ్రువీకరిస్తున్నాను’ అన్న వాక్యం, దాని కింద సంతకం కూడా అక్కర్లేదు. జర్మనీలో ఫొటో తప్పనిసరి కాదు, పెట్టే అలవాటు మాత్రం ఇంకా ఉంది.

తేదీల దగ్గర చాలామంది తడబడతారు. 03/04/2025 అంటే బ్రిటన్‌లో ఏప్రిల్ 3, అమెరికాలో మార్చి 4. అందుకే నెల పేరు అక్షరాల్లో రాయండి.

మార్కులు 8.2 అని వదిలేయకండి, అమెరికాలో సాధారణంగా 4కు లెక్కిస్తారు. 8.2/10 అని రాయండి.

ప్రాజెక్టు పేరొక్కటే చాలదు. ‘నలుగురి బృందంలో లాగిన్ భాగం నేను రాశాను’ అన్నంత స్పష్టంగా మీ వాటా చెప్పండి.

ఫోను నంబరు ముందు +91 ఉందో లేదో చూసుకోండి.