ఆఫీస్ ఖర్చుతో కోర్స్ చేయడానికి మేనేజర్ అప్రూవల్ ఎలా అడగాలి

ముందు ఒక మాట, కోర్స్‌కి మీ జేబులోంచి డబ్బు కట్టేసి తర్వాత బిల్ పెడదాం అనుకుంటున్నారా, వద్దు, ఆగండి. చాలా ఆఫీసుల్లో రూల్ ఏంటంటే అప్రూవల్ తేదీ ముందుండాలి, పేమెంట్ తేదీ తర్వాత ఉండాలి. అది తిరగబడితే మేనేజర్ ఎంత మంచివాడైనా ఫైనాన్స్ వాళ్లు బిల్ వెనక్కి పంపేస్తారు. సీట్లు అయిపోతాయేమో అని భయంగా ఉంటే డబ్బు కట్టకుండా సీట్ కొన్ని రోజులు ఆపుతారా అని కోర్స్ వాళ్లనే అడగండి, కొటేషన్ కూడా అప్పుడే తీసుకోండి, అది ఏ తేదీ దాకా చెల్లుతుందో రాసి ఇవ్వమనండి.

నేను మొదటిసారి అడిగినప్పుడు మెయిల్ నిండా కోర్స్ గురించే రాశాను, సిలబస్ లింక్, ఎవరు చెప్తారు, సర్టిఫికెట్ వస్తుంది, ఇవే. మేనేజర్ "చూద్దాం" అన్నారు, అలా చూస్తూనే రిజిస్ట్రేషన్ తేదీ వెళ్లిపోయింది. చాలా బాధపడ్డాను కానీ తర్వాత అర్థమైంది, ఆయన ముందున్న ప్రశ్న కోర్స్ మంచిదా కాదా అని కాదు, మంగళవారం మధ్యాహ్నం నేను సీట్లో లేకపోతే ఆ పని ఎవరు చూస్తారు అని. దానికి నా మెయిల్‌లో ఒక్క లైన్ కూడా లేదు.

రెండోసారి ఎలా పెట్టానో వివరంగా చెప్తా. నా పని స్టాక్ రిపోర్టులు. ప్రతి సోమవారం నాలుగు చోట్ల నుంచి నాలుగు ఫైళ్లు వస్తాయి, వాటిని ఒక్క ఫైల్‌గా కలిపి తేడాలు పట్టుకుని రిపోర్ట్ పంపాలి. నేను అడిగిన కోర్స్ డేటాబేస్‌ల మీద, 5 వారాలు, మంగళ గురువారాలు 3 నుంచి 5 దాకా, అంటే 10 క్లాసులు, మొత్తం 20 గంటలు, అన్నీ ఆఫీస్ టైమ్‌లోనే.

లాభం రాయడానికి ముందు నేను చేసిన పని ఒకటుంది, వరసగా నాలుగు సోమవారాలు రిపోర్ట్‌కి ఎంత టైమ్ పట్టిందో రాసుకున్నా. 5.5, 6, 7, 5.5 గంటలు వచ్చాయి, సగటున 6. అందులో ఫైళ్లు కలపడానికే సుమారు 3.5 గంటలు పోతోంది, మిగతాది తేడాలు ఎందుకొచ్చాయో ఫోన్లు చేసి కనుక్కోవడం. కోర్స్ నేర్చుకుంటే తగ్గేది ఆ ఫైళ్లు కలిపే పనే, ఫోన్లు తగ్గవు. అందుకే 6 గంటల పని గంటలో అయిపోతుంది అని రాయలేదు, వారానికి 3 గంటలు మిగులుతాయి అని మాత్రమే రాశా. కోర్స్‌కి పోయే 20 గంటలు సుమారు 7 వారాల్లో వెనక్కి వస్తాయి. "నా స్కిల్స్ పెరుగుతాయి" అన్న లైన్ తీసేయండి, అది మీకు లాభం, దాన్ని పట్టుకుని మేనేజర్ పైవాళ్లకి ఏం చెప్పుకోలేరు. ఏ పని, ఇప్పుడు ఎంత టైమ్, తర్వాత ఎంత టైమ్, ఇదైతే చెప్పగలరు.

ఖర్చు దగ్గర ఫీజు ఒక్కటే రాసి వదిలేస్తే తర్వాత మాట పోతుంది. ఫీజు 100 అనుకుంటే నా కేసులో దాని మీద పన్ను 10, పరీక్ష ఫీజు విడిగా 20, అంటే అడగాల్సింది 130. ఫీజు 100 అని అప్రూవ్ చేయించుకుని రెండు నెలల తర్వాత ఇంకో 30 కావాలంటే మళ్లీ మొదటి నుంచి తిరగాలి. పరీక్ష తప్పితే మళ్లీ రాసే ఫీజు ఎవరిది, మధ్యలో మానేస్తే డబ్బు వెనక్కి ఇస్తారా, ఏ తేదీ లోపు చెప్పాలి, ఇవి కూడా కనుక్కోండి. రెండోసారి పరీక్ష రాయాల్సి వస్తే నేనే కట్టుకుంటా అని రాశాను, అది నాకు న్యాయంగానే అనిపించింది.

ఇక మన పని ఎవరు చూస్తారు అన్నది, అసలు టైమ్ పెట్టాల్సింది ఇక్కడే. "టీమ్ చూసుకుంటుంది" అని రాస్తే ఎవరూ చూసుకోరు, ఆ సంగతి మేనేజర్‌కి బాగా తెలుసు. కోర్స్ తేదీలు క్యాలెండర్‌లో పక్కపక్కన పెట్టి చూస్తే 10 క్లాసుల్లో ఒక గురువారం సరిగ్గా నెలాఖరు క్లోజింగ్ రోజు పడింది, ఆ రోజు నేను లేకపోతే కుదరదు. కోర్స్ వాళ్లని అడిగితే సర్టిఫికెట్‌కి 80 శాతం హాజరు చాలు, మిస్ అయిన క్లాస్ రికార్డింగ్ ఇస్తాం అన్నారు, అంటే రెండు క్లాసులు పోయినా ఇబ్బంది లేదు. ఆ గురువారం ఆఫీసులోనే ఉంటా అని మెయిల్‌లో నేనే ముందు రాసేశా, ఆయన అడిగేదాకా ఆగలేదు.

మిగతా 9 రోజులకి మా టీమ్‌లో సీనియర్ మేడమ్‌ని అడిగా. మెయిల్ పెట్టాక కాదు, పెట్టకముందే. ఆ రెండు గంటల్లో వచ్చే అర్జెంట్ రిక్వెస్టులు ఆవిడ చూస్తారు, దానికి బదులు బుధవారం ఆవిడ చేసే రికన్సిలియేషన్ నేను చేస్తా అని మాట్లాడుకున్నాం. ఎలా చేయాలో నేను నోట్ రాసిచ్చా, దాన్ని చూసి ఆవిడ ఒక రిక్వెస్ట్ నన్ను అడక్కుండా చేసి చూశారు. రెండు చోట్ల ఆగిపోయారు, ఒక ఫోల్డర్‌కి ఆవిడకి పర్మిషనే లేదు. ఇది కోర్స్ మొదలయ్యాక బయటపడితే క్లాసులో కూర్చుని ఫోన్లు ఎత్తుకోవాల్సి వచ్చేది. అందుకే ఒక్కసారి ట్రయల్ చేయించండి, తప్పకుండా.

మెయిల్ పెద్దగా అక్కర్లేదు. నేను పెట్టింది దాదాపు ఇలా ఉంది:

"సర్, డేటాబేస్ కోర్స్‌కి మీ అప్రూవల్ కోసం రాస్తున్నాను. 5 వారాలు, మంగళ గురువారాలు 3 నుంచి 5. మొత్తం ఖర్చు 130, ఇందులో ఫీజు, పన్ను, పరీక్ష అన్నీ ఉన్నాయి, కొటేషన్ జత చేశాను. సోమవారం రిపోర్ట్ ఇప్పుడు సగటున 6 గంటలు పడుతోంది, కోర్స్ తర్వాత 3 గంటలకి వస్తుందని నా అంచనా. క్లాస్ టైమ్‌లో అర్జెంట్ పనులు మేడమ్ చూస్తారు, ఒప్పుకున్నారు, ఒకసారి ట్రయల్ కూడా చేశాం. నెలాఖరు గురువారం నేను క్లాస్‌కి వెళ్లను. కొటేషన్ ఈ నెల 20 దాకా చెల్లుతుంది, 16 లోపు చెప్పగలిగితే ఫైనాన్స్‌కి నాలుగు రోజుల టైమ్ ఉంటుంది."

ఆ చివరి లైన్ మర్చిపోవద్దు, తేదీ లేని రిక్వెస్ట్ ఇన్‌బాక్స్‌లో కిందికి జారిపోతూనే ఉంటుంది. మేనేజర్ నోటితో సరే అంటే సంతోషమే కానీ మెయిల్‌లో "అప్రూవ్డ్" అని రిప్లై వచ్చాకే రిజిస్టర్ అవ్వండి, బిల్ మీ పేరు మీదా కంపెనీ పేరు మీదా అన్నది కూడా అప్పుడే ఫైనాన్స్‌ని అడగండి. కొన్ని చోట్ల కోర్స్ అయ్యాక ఇన్ని నెలల్లోపు ఉద్యోగం మానేస్తే ఫీజు తిరిగి కట్టాలి అని కాగితం మీద సంతకం చేయించుకుంటారు. ఆ నెలలు ఎప్పటి నుంచి లెక్క, కోర్స్ మొదలైన రోజు నుంచా అయిపోయిన రోజు నుంచా, నెలలు గడిచే కొద్దీ కట్టాల్సింది తగ్గుతుందా లేదా, ఈ రెండూ చదివాకే సంతకం పెట్టండి.

వద్దు అంటే అక్కడితో వదిలేయకండి, ఏది అడ్డం వచ్చిందో అడగండి, డబ్బా, తేదీలా, మీ పని చూసే మనిషా. బడ్జెట్ లేదంటే కొత్త బడ్జెట్ ఏ నెలలో వస్తుందో కనుక్కుని ఆ నెల మొదటి వారంలో కొత్త కొటేషన్‌తో అదే మెయిల్ మళ్లీ పెట్టండి. తేదీలే సమస్య అయితే తర్వాతి బ్యాచ్ తేదీలు తెచ్చి అదే క్యాలెండర్ పక్కన మళ్లీ పెట్టి చూడండి.