కొత్తగా చేరినవాళ్లు ఫీజు కట్టే ముందు చూసుకోవాల్సినవి

గుంటూరు క్యాంపస్‌కి వచ్చిన మీకు రిజిస్ట్రారుగా ముందే చెబుతున్నాను.

– యూపీఐలో డబ్బు కట్ అయ్యి, పోర్టల్‌లో రసీదు రాకపోతే కంగారుపడి రెండోసారి కట్టకండి. రెండూ జమైతే ఒకటి వెనక్కి రావడానికి తిరగాల్సింది మీరే. పేమెంట్ వివరాల్లో 12 అంకెల యూటీఆర్ నంబరు ఉంటుంది. అది రాసుకుని అకౌంట్స్ సెక్షన్‌కి వెళ్లండి, దాంతోనే వెతుకుతారు. స్క్రీన్‌షాట్ చూపించి "కట్టేశాను సార్" అంటే కుదరదు, రసీదు నంబరు ఉండాలి.

– లాగిన్‌కి మీ సొంత ఫోన్ నంబరే ఇవ్వండి. నెట్ సెంటరు వాళ్లది ఇస్తే పరీక్ష ఫీజు ఆఖరి రోజున ఓటీపీ అక్కడికి పోతుంది. ఆరోజు ఆదివారమైతే షాపు మూసుంటుంది.

– ఐడీ కార్డు చేతికివ్వగానే పేరు టెన్త్ మెమోతో అక్షరం అక్షరం సరిచూసుకోండి.

– పేరు తప్పైతే అకడమిక్ సెక్షన్, హాల్‌టికెట్‌కి ఎగ్జామ్ బ్రాంచి. నా గదికి ఆ తర్వాతే రండి.